వాచీ తీసేస్తే మిగిలే తెల్లచార: గింప్ వేవ్‌లెట్ ఫిల్టర్‌తో నా అనుభవం

పాలకొల్లులో నాకు చిన్న స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు చేసేటప్పుడు ఫోటోలో వాచీ తీసేయమనేవాళ్లు చాలామందే వస్తారు. 2018లో ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్ 2.10 వచ్చాక, ఫోటోలోని సన్న వివరాలను, రంగును వేరువేరు పొరలుగా విడగొట్టే Wavelet decompose ఫిల్టర్‌కి అలవాటు పడిపోయాను. చర్మం పనికి ఇప్పటికీ అదే వాడతాను.

మా వైపు రొయ్యల చెరువుల మీద తిరిగే కుర్రాళ్ల చేతులు ఎండకి బాగా నల్లబడతాయి. వాచీ కింద మాత్రం తెల్లగానే ఉంటుంది. బెల్టు కాస్త జరిగిందంటే పక్కన సన్నటి తెల్లచార బయటపడుతుంది. అక్కడ నేరుగా మచ్చలు చెరిపే హీల్ టూల్ రుద్దితే అది అంచుల రంగును లోపలికి లాగేస్తుంది. ఒక అంచున నల్లబెల్టు, ఇంకో అంచున తెల్లచార, మధ్యలో మురికి మరక!

ఈమధ్య ఒక పెళ్లికొడుకు ఎడమ చెయ్యి అలాగే వచ్చింది. వాళ్ల నాన్నగారు, "వాచీతో పాటు ఆ చార కూడా పోవాలండి. మావాడి రంగు మాత్రం మార్చేయకండి, ఆయ్" అన్నారు.

ముందు మణికట్టు ముక్కను వేరే ఫైల్‌గా కత్తిరించుకున్నాను. ఫోటో మొత్తం మీద ఈ ఫిల్టర్ నడిపితే నా పాత కంప్యూటర్ మూలుగుతుంది. తర్వాత వాచీ మీద, దాని నీడ మీద మోచేతి వైపు చర్మాన్ని క్లోన్ చేశాను. అతుకు కనిపించినా ఫర్వాలేదు, ముందు వాచీ రంగు పూర్తిగా పోవాలి. చిటికెనవేలి వైపు ఉండే ఎముక బొడిపెను వదిలేస్తే చెయ్యి గొట్టంలా తయారవుతుంది కాబట్టి, మణికట్టు అంచు గీత కూడా అప్పుడే సరిచేశాను.

ఆ తర్వాతే ఫిల్టర్, ఐదు స్కేళ్లతో. Scale 1, 2 పొరల్లోకి రోమాలు, సన్నగీతలు వెళతాయి. రంగు, వెలుగునీడలు Residual పొరలో ఉండిపోతాయి. తెల్లచార ఉండేది ముఖ్యంగా ఇక్కడే. ఆ పొరలో చార చుట్టూ మెత్తటి అంచుతో సెలెక్షన్ గీసి గాసియన్ బ్లర్ ఇచ్చాను. ఇంకా మిగిలిన తెలుపు మీద పక్క చర్మం రంగును తక్కువ ఒపాసిటీతో పూశాను. రోమాలు చెక్కుచెదరలేదు. నాకు ఈ ఫిల్టర్ నచ్చేది ఇందుకే.

అతుకు దగ్గర తెగిన రోమాలను మాత్రం Scale 1, 2 పొరల్లో విడివిడిగా క్లోన్ చేయాలి. అన్ని పొరలనూ కలిపి నమూనా తీసుకునే Sample merged టిక్ తీసేయకపోతే రంగు కూడా ఆ పొరలోకి వచ్చేస్తుంది. ముంజేతి వెనక రోమాలు చిటికెనవేలి వైపు వాలి ఉంటాయి. అవి ఎదురు తిరిగితే ఎవరైనా పట్టేస్తారు. కుడిచేతి నుంచి చర్మం తెచ్చుకుంటే అడ్డంగా తిప్పి పెట్టాలి, కానీ అప్పుడు వెలుగు దిశ కూడా తిరిగిపోతుంది. అందుకే నేను ఆ జోలికి పోను.

పని అయ్యాక ఫోటోను కాసేపు నలుపు తెలుపులో చూస్తాను. చార అందులోనూ కనిపిస్తే వెలుగు ఇంకా సరిపోలేదన్నమాట. అక్కడ పోయి, రంగుల్లో మాత్రమే కనిపిస్తే ఎరుపు, పసుపు సరిచేసుకుంటే చాలు.

ఉంగరానికి ఈ ఫిల్టర్ సగమే పనికొస్తుంది. ఉంగరం బిగుతుగా ఉంటే వేలు నొక్కుకుపోయి, రెండు పక్కలా కండ ఉబ్బుతుంది. ఆ ఆకారాన్ని ఫిల్టర్ మార్చలేదు. వేలి అంచును చేత్తో సరిచేసుకోవాల్సిందే.