మడికీ కొట్టానికీ ఒకే గంబూటు అంటే నమ్మి కొనకండి

నాట్ల సీజన్ మొదలవగానే ఆన్‌లైన్‌లోనూ సంతల్లోనూ ఒకే రకం ప్రకటన కనిపిస్తుంది: "వరి పొలానికి, డెయిరీకి, స్వచ్ఛమైన రబ్బరు, కరెంటు కొట్టదు." అలా అమ్మిన ఒక జతను విప్పి చూస్తే ఇందులో చాలామటుకు నిలబడలేదు. 8 నంబరు, 14 అంగుళాల ఎత్తు. పెట్టె మీద రబ్బరని ఉన్నా లోపలున్నది పీవీసీ.

పీవీసీ చెడ్డదని కాదు. పేడ, మూత్రం, పాల కొవ్వు, డీజిల్ పడే కొట్టంలో సహజ రబ్బరు కంటే అదే ఎక్కువ కాలం ఆగుతుంది, ఎందుకంటే నూనె, కొవ్వు తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. చిక్కంతా నాసిరకం పీవీసీతోనే. వేళ్ల వెనక పాదం మడత పడే చోట బూటును గట్టిగా వంచి చూడండి. తెల్లటి గీత తేలి, వదిలాక కూడా పోకపోతే చవక పొడి ఎక్కువ కలిపారని అనుమానించాలి. చీలిక మొదలయ్యేది అక్కడే. వాడాక రేకుల కప్పు మీద ఎండబెడితే మంచి బూటైనా గట్టిపడి పగులుతుంది. నీడలో తలకిందులుగా కర్రకు తగిలించాలి.

కొట్టం సంగతి ఇంతే. అసలు మోసం మడి దగ్గర జరుగుతుంది.

దమ్ము చేసిన మడిలో (తెలంగాణలో కరిగెట అంటారు) కాలు దాదాపు జానెడు దిగుతుంది. బూటు ఎత్తేటప్పుడు అడుగు కిందికి గాలి చేరదు, కాబట్టి బురద దాన్ని పీల్చి పట్టుకుంటుంది. మడమ దగ్గర వదులుగా ఉంటే కాలు పైకొస్తుంది, బూటు కిందే ఉండిపోతుంది. పైఅంచు వదులుగా ఉంటే ఇంకో తంటా. ఈ జతకు పైఅంచు చుట్టుకొలత 40 సెంటీమీటర్లు. మామూలు పిక్క చుట్టుకొలత 33 అనుకుంటే మధ్యలో మిగిలే ఖాళీ దాదాపు 40 చదరపు సెంటీమీటర్లు. గుంతలో కాలుపడి 25 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిండితే ఒక్కో బూటులో లీటరు నీరు, అంటే కాలికి కిలో అదనపు బరువు. కాలువ గట్టు మీద జారితే ఆ బరువే ప్రాణం మీదికి తెస్తుంది.

నిండిన బూటుతో పనిచేస్తే రక్షణ కూడా పోతుంది. ఎలుక మూత్రం కలిసిన నీటిలో లెప్టోస్పైరా క్రిములు ఉండవచ్చు. అవి గాయాల గుండా, నాని మెత్తబడిన చర్మం గుండా లోపలికి వెళతాయి. బూటులో నిలిచిన నీళ్లలో గంటల తరబడి కాలు నానితే ఆ దారి ఇంకా సులువవుతుంది. నీళ్లు దూరిన వెంటనే ఒంపేసి, కాళ్లు కడిగి, వేళ్ల సందులు తుడవాలి. పొడి సాక్సులు ఇంకో జత గట్టు మీద ఉంచుకోవాలి.

మడికి కావలసింది వేరే రకం: పల్చటి మెత్తని రబ్బరు, మడమకూ చీలమండకూ అతుక్కునేది, పైన నాడా ఉండేది. జపాన్‌లో నాట్లకు వాడేవి ఇలాంటివే. దొరకకపోతే, కాలికి పుండు, పగుళ్లు, షుగరు లేనివాళ్లకు వదులు గంబూటు కంటే ఒట్టి కాళ్లే నయం, గాజు పెంకు, మేకు గుచ్చుకునే ప్రమాదం, ఎలుక మూత్రం కలిసిన నీటి ముప్పు మాత్రం తప్పవు. ఆ జబ్బులున్నవాళ్లు సరైన బూటు లేకుండా దిగకపోవడమే మంచిది. హవాయి చెప్పులు మడిలో ఎలాగూ నిలవవు. కొట్టంలో పేడ మీద జారతాయి, పైగా వేళ్ల సందుల్లో మురికి ఒరుస్తూనే ఉంటుంది. రాత్రి మోటారు వేయడానికి గట్టు మీద నడిచేటప్పుడు మాత్రం గంబూటే వేయండి. రక్తపింజర కాటు ఎక్కువగా పాదానికో చీలమండ పైకో పడుతుంది. వేసే ముందు బోర్లించి తట్టండి, తేలు దూరి ఉంటుంది.

మోటారు అనగానే ఆ "కరెంటు కొట్టదు" మాట గుర్తొస్తుంది. అది అబద్ధం. విద్యుత్ పనికి వేరే పరీక్షలు దాటిన బూట్లుంటాయి. మామూలు గంబూటు, అందులోనూ తడిసినది, షాక్ ఆపుతుందని స్టార్టర్ ముట్టుకోకండి.

ఐఎస్ఐ ముద్ర ఉంటే దాని కింద CM/L తో మొదలయ్యే నంబరు చూడండి. BIS Care యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, ఏ వస్తువుకో తెలుస్తుంది. పీవీసీ బూట్లకు IS 12254, రబ్బరు బూట్లకు IS 5557. పెట్టె మీద ఒకటి, యాప్‌లో ఇంకొకటి ఉంటే తిప్పి పంపండి.

వచ్చిన రోజే ఇంట్లో సగం దాకా నీళ్లు పోసి అరగంట నిలబెట్టి, కింద పేపరు తడిసిందేమో చూడండి. ఆరబెట్టాక సాక్సు వేసుకుని తొడగండి. ఒకరు బూటు మడమను నేలకు అదిమి పట్టుకుంటే మీరు కాలెత్తండి. లోపల మడమ వేలెడు కంటే ఎక్కువ లేస్తే ఆ నంబరు మీది కాదు. లేబుల్ తెంపకుండా వీడియో తీసి ఉంచండి. ఒక్కసారి బురద అంటాక అమ్మినవాడు వెనక్కి తీసుకోడు.