వేడి తగ్గని లంచ్ బాక్స్: నాలుగేళ్లు రోజూ వాడాక

మా ఇంట్లో నాలుగేళ్లుగా రెండు డబ్బాలు రోజూ బయటికి వెళ్తున్నాయి, ఒకటి బడికి, ఒకటి ఆఫీసుకి. రెండూ ఒకే తరహావి. బయట రెండు పొరల స్టీలు ఫ్లాస్కు, ఆ పొరల మధ్య గాలి లేని ఖాళీ, లోపల ఒకదాని మీద ఒకటి కూర్చునే మూడు స్టీలు గిన్నెలు, పైన మరమూత. ఉదయం 6:40కి సర్దితే మధ్యాహ్నం 12:40కి తెరుస్తారు. అంటే ఆరు గంటలు. ఈ ఆరు గంటల్లో అన్నం, పప్పు, కూర ఏమవుతాయో వంటింటి థర్మామీటరు గుచ్చి చాలాసార్లు చూశాం. కింద చెప్పే అంకెలు మా డబ్బావి, గది వేడి 28 డిగ్రీల దగ్గర ఉన్న రోజులవి. మీ డబ్బాలో ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉండొచ్చు.

డబ్బా మీద రాసిన గంటల సంగతి ముందు చెప్పాలి. ఆ లెక్క సాధారణంగా నిండా మరుగునీళ్లు పోసి మూత బిగించి చూసినది. మనం పెట్టేది నీళ్లు కాదు, హస్తంతో తీసేటప్పటికే కాస్త చల్లారిన అన్నం. పైగా ముప్పావు గిన్నె. కాబట్టి అట్ట మీద ఎనిమిది గంటలని ఉంటే ఐదారు గంటలని అనుకుని కొనడం మేలు.

అసలు వేడి ఎక్కడ పోతుంది? చాలామంది దారిలో పోతుందనుకుంటారు. మా కొలతల్లో తేలింది వేరు. పెద్ద దెబ్బ సర్దిన మొదటి పది నిమిషాల్లోనే పడుతుంది. లోపలి గోడ, మూడు గిన్నెలు కలిపి దాదాపు 400 గ్రాముల స్టీలు అనుకుందాం. అది రాత్రంతా వంటింట్లో ఉండి 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందులో 88 డిగ్రీల అన్నం 300 గ్రాములు పెడితే స్టీలు తన వాటా వేడి లాక్కుని, రెండూ 78 దగ్గర కలుస్తాయి. డబ్బా ఇల్లు దాటకముందే పది డిగ్రీలు పోయాయన్నమాట. అదే చిన్న పిల్లల కొలత 150 గ్రాములు పెడితే 71కే పడిపోతుంది, ఎందుకంటే స్టీలు అంతే ఉంది, అన్నం సగమైంది. చిన్నపిల్లల డబ్బా ఎప్పుడూ చల్లగా ఉందని వచ్చే ఫిర్యాదుకి కారణం ఇదే. దానికి డబ్బాని తప్పుపట్టి లాభం లేదు.

మందు సులువు. అన్నం దించే ముందే గిన్నెలన్నీ ఫ్లాస్కులో పెట్టి, గిన్నెల్లోనూ చుట్టూ సందుల్లోనూ మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయాలి. గీజరు నీళ్లు చాలవు, సలసల మరగాలి. సర్దే క్షణంలో ఒంపేసి, పొడిగుడ్డతో ఒక్కసారి తుడిచి, వెంటనే అన్నం పెట్టాలి. ఒంపాక పోపు వేసుకుంటూ ఐదు నిమిషాలు వదిలేస్తే చేసిన పని సగం వృథా. మా డబ్బాలో తేడా ఇలా ఉంది: 300 గ్రాముల అన్నం, వేడినీళ్లు పోసిన రోజు 12:40కి సుమారు 62 డిగ్రీలు, పోయని రోజు 56. 150 గ్రాములైతే 54, 48. అన్నం తక్కువ తినే పిల్లలకి చిన్న డబ్బా కొనడమే దారి. పెద్ద డబ్బాలో కొంచెం పెట్టి, మిగతాది ఖాళీగా వదిలేస్తే ఎంత ఖరీదైనదైనా చల్లారుతుంది. గిన్నె మీద రెండు వేళ్ల ఖాళీ కూడా ఎక్కువే.

మధ్యాహ్నానికి అన్నం 60 డిగ్రీలకి తగ్గకుండా చూడాలనుకోవడానికి రుచి ఒక్కటే కారణం కాదు. ఉడికినా చావని బీజాలు బియ్యంలో ఉంటాయి, బాసిల్లస్ సిరియస్ అనే బాక్టీరియావి. 60కి పైన ఉన్నంతసేపు అవి పెరగవు. గోరువెచ్చటి అన్నమంటే వాటికి పండగ. అవి వదిలే విషాల్లో ఒకటి మళ్లీ వేడి చేసినా పోదు, అందుకే ఆఫీసు మైక్రోవేవ్‌ని నమ్ముకుని గోరువెచ్చటి అన్నాన్ని సాయంత్రం దాకా ఉంచడం సరికాదు. పైన చెప్పిన 54 డిగ్రీల అన్నం 60 కిందకి దిగి గంటన్నర అయి ఉంటుంది, అప్పుడే తినేస్తే ఇబ్బంది లేదు. 48కి పడినది మూడు గంటలకి పైగా కింద ఉన్నట్టు, అది కూడా ఆ పూటే తినేయాలి. మిగిలితే పారేయాలి. థర్మామీటరు లేనివాళ్లకి ఒక గుర్తు: పప్పులో వేలు ముంచి హాయిగా ఉంచగలిగితే 60కి బాగా కిందకి దిగినట్టే, ఉంచలేకపోయినంత మాత్రాన 60 ఉన్నట్టు కాదు.

గిన్నెల వరస మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. పక్కల నుంచి, కింద నుంచి ఖాళీపొర కాపాడుతుంది గానీ మూత మామూలు ప్లాస్టిక్కే, లోపల కాస్త ఫోమ్ ఉంటుంది. వేడి ఎక్కువగా అక్కడి నుంచే పోతుంది. అందుకని అట్టడుగున పప్పు, పులుసు, సాంబారు లాంటి పల్చటివి, మధ్యలో అన్నం, పైన కూర. అడుగు పప్పు 64 ఉన్న రోజు పై కూర 54 ఉంది. పైన ఏది పెట్టాలో దీన్నిబట్టి తేల్చుకోవాలి. బంగాళదుంప, దొండకాయ వేపుళ్లు, నూనెలో మగ్గిన కారపు కూరలు పైన ఉండొచ్చు, తడి తక్కువ కాబట్టి త్వరగా పాడవవు. పచ్చికొబ్బరి కోరు వేసిన కూర, పాలు పోసి వండిన సొరకాయ పై గిన్నెలో ఎండాకాలం పుల్లటి వాసన కొట్టాయి. కోడికూర, గుడ్డు పులుసు పెట్టే రోజు అవి అడుగుకి పోవాలి, పప్పు ఆ రోజుకి మానేయాలి.

వేపుళ్ల మాట వచ్చింది కాబట్టి నిజం చెప్పేస్తాం. కరకరలాడే వేపుడు ఈ డబ్బాలో కరకరలాడుతూ రాదు. బెండకాయ వేపుడు మెత్తబడి ముద్దవుతుంది, అప్పడాల సంగతి చెప్పనక్కర్లేదు. లోపల ఆరు గంటలు ఆవిరిలో ఉడుకుతూనే ఉంటాయి మరి. గుత్తివంకాయ, దోసకాయ పప్పు, ములక్కాడ పులుసు లాంటివి మాత్రం పొద్దున కంటే మధ్యాహ్నమే బాగుంటాయి, ఉప్పూ పులుపూ లోపలికి పడతాయి. పాలకూర, తోటకూర రంగు చెడి నల్లబడతాయి, రుచికి లోటు లేదు.

అన్నం విషయంలో తరచూ వచ్చే చిక్కు పైపొర తడిసి ముద్దవడం. ఆవిరి మూతకి తగిలి నీరై, బొట్లుగా అన్నం మీద పడుతుంది. చల్లార్చి పెడితే ఇది తగ్గుతుంది, కానీ వేడి పోతుంది. మధ్యేమార్గంగా మేం చేసేది: కుక్కరు మూత తీసి, అట్లకాడతో అన్నాన్ని ఒకసారి కింద నుంచి పైకి విడదీసి, ఒక్క నిమిషం ఆవిరి పోనిచ్చి పెట్టేయడం. సోనా మసూరి కొత్త బియ్యమైతే గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు ఎక్కువ, గ్లాసున్నర నుంచి గ్లాసుముప్పావు చాలు. పాత బియ్యానికి రెండు సరిపోతాయి. అన్నం కొంచెం పలుకుగా ఉండగా దించితే మిగతాది డబ్బాలోనే మగ్గుతుంది. గంజి వార్చిన అన్నమైతే ఇంకా మేలు, గింజ గింజగా ఉంటుంది. గిన్నెలో అదిమి పెట్టకూడదు, ముద్ద కడుతుంది.

పెరుగన్నం ఈ ఫ్లాస్కులోకి రాకూడదు. వేడికి పెరుగు విరిగి నీళ్లూ పిండీ వేరవుతాయి. పొద్దున మెత్తటి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి కలిపి పంపితే మధ్యాహ్నానికి కమ్మగా తోడుకోవడం మన ఇళ్లలో పాత పద్ధతి. అది మామూలు స్టీలు డబ్బాలో, సంచీలో విడిగా పెడితేనే పని చేస్తుంది. 60 డిగ్రీల్లో తోడు చచ్చిపోతుంది. ఆవకాయ కూడా విడిగా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. ఉప్పూ పులుపూ కలిసి నెలల తరబడి ఒకే గిన్నెలో ఉంటే స్టీలు మీద సూదిమొన లాంటి గుంటలు పడతాయి. మా పై గిన్నెకి పడ్డాయి.

మూతలు పట్టేయడం ఇంకో తలనొప్పి. పొగలు కక్కే పప్పు మీద మూత బిగించగానే లోపలి గాలి బదులు ఆవిరి నిండుతుంది. అది చల్లబడి నీరయ్యేకొద్దీ లోపల ఒత్తిడి తగ్గి, మూత పీల్చుకుపోయినట్టు బిగుసుకుంటుంది. పెద్దవాళ్లు ఎలాగో చెంచా మొనతో అంచు లేపుతారు. రెండో తరగతి పిల్లలు తీయలేక తినకుండానే తెచ్చేస్తారు. అందుకే బడికి కొనేటప్పుడు గిన్నెమూత మధ్యలో నొక్కే చిన్న సిలికాన్ బిరడా ఉన్నదే తీసుకోండి. బిరడా లేపితే గాలి లోపలికి పోయి మూత దానంతటదే వదులవుతుంది. కొన్న రోజే వేడి పప్పు పెట్టి, గంట ఆగి పిల్ల చేతికే ఇచ్చి తీయించి చూడండి.

కడగడంలో ఎక్కువ శ్రద్ధ కావలసింది మూత రబ్బరుకే. దాన్ని కొనవేలితో బయటికి లాగి వారానికి రెండుసార్లయినా విడిగా కడగాలి. దాని కింద పప్పు జిడ్డు చేరి వచ్చే వాసనని డబ్బా వాసన అనుకుంటారు. పులుసు వాసన పట్టేస్తే వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెడితే చాలావరకు పోతుంది. రబ్బరు సాగి, పెట్టిన గాడిలోంచి జారుతుంటే కారడం మొదలవుతుంది. మాకు రెండేళ్లకోసారి మార్చాల్సి వచ్చింది. కొనేముందు ఆ రబ్బరు విడిగా దొరుకుతుందో లేదో అడగండి. దొరక్కపోతే పాతిక రూపాయల రబ్బరు కోసం డబ్బా మొత్తం పక్కన పడేయాల్సి వస్తుంది.

తక్కువ ధరకి దొరికే ఫోమ్ డబ్బాలు, అంటే బయట ప్లాస్టిక్, లోపల స్టీలు ఉన్నవి, రెండు మూడు గంటలకి బాగానే ఉంటాయి. ఆరు గంటలకి చాలవు. వాటిని నీళ్లలో ముంచి కడిగితే పొరల మధ్యకి నీరు చేరుతుంది. ఊపితే లోపల గలగలమంటే ఇక ఆ డబ్బా వేడి ఆపదు.

ఫ్లాస్కు డబ్బాకి వచ్చే చావు వేరు. కింద పడి అడుగు సొట్టపోతే, బయటికి పగులేమీ కనపడకపోయినా గాలి లేని పొరలోకి గాలి చేరొచ్చు. చూసే పద్ధతి ఇది: నిండా మరుగునీళ్లు పోసి, మూత బిగించి, పది నిమిషాలాగి బయటి గోడని అరచేత్తో తడమాలి. మూత దగ్గర వెచ్చదనం మామూలే. కింద సగంలో కూడా వెచ్చగా తగిలితే ఖాళీపొర పోయినట్టే. దానికి మరమ్మతు లేదు, గ్యారంటీ ఉంటే మార్పించుకోవాలి. మా బడి డబ్బా మూడో ఏడు ఇలాగే పోయింది, మెట్ల మీద పడ్డాక. అన్నం 40 డిగ్రీలకి దిగాక గానీ గమనించలేదు. అప్పటి నుంచి నెలకోసారి, ఎలాగూ పొద్దున మరుగునీళ్లు పోస్తాం కాబట్టి, అప్పుడే అడుగు తడిమి చూస్తున్నాం.