బేస్ క్లెఫ్‌కు ‘ఐదు సి’ల పద్ధతి: చాలాకాలం వాడాక నా సమీక్ష

ట్రెబుల్ క్లెఫ్ నీళ్లు తాగినంత సులువుగా చదువుతూ, ఎడమ చేతి లైన్ దగ్గరికొచ్చేసరికి వేలు పెట్టి గీతలు లెక్కపెట్టుకునే పియానో వాళ్ల కోసం ఈ సమీక్ష. బేస్ క్లెఫ్ నేర్పడానికి మామూలుగా మూడు దారులు చెబుతారు. గీతల పేర్లకు ఓ వాక్యం బట్టీ పట్టడం ఒకటి. ట్రెబుల్‌లో ఉన్నట్టే చదివి రెండక్షరాలు ముందుకు జరపడం రెండోది. కొన్ని గుర్తు నోట్లు పెట్టుకుని, మిగతావాటిని వాటి నుంచి దూరంతో చదవడం మూడోది. మూడూ వాడాను. ఇప్పటికీ నాతో ఉన్నది మూడోదే.

బట్టీ వాక్యం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నాలుగో గీత పేరు కావాలంటే మొదటి గీత నుంచి వాక్యం మొత్తం చదవాలి. ఆలోగా బార్ దాటిపోతుంది.

రెండో దారి మాత్రం నిజంగానే ఆశపెడుతుంది. ట్రెబుల్‌లో అడుగు గీత ఇ, బేస్‌లో అదే గీత జి. ట్రెబుల్‌లో కింది ఖాళీ ఎఫ్, బేస్‌లో ఎ. ఎక్కడ చూసినా రెండక్షరాల తేడానే కాబట్టి మొదటి వారంలోనే ముక్కలు వాయించేయొచ్చు. చిక్కు తర్వాత వస్తుంది. ఈ లెక్క అక్షరాన్ని ఇస్తుంది కానీ ఏ ఆక్టేవో చెప్పదు. స్టాఫ్ మీద అదే చోట ఉన్న నోట్, బేస్‌లో ఆక్టేవ్ మీద ఇంకో ఆరో ఇంటర్వల్ కిందికి ఉంటుంది. అంటే పేరు దొరికాక చెయ్యి ఎక్కడికి వెళ్లాలో మళ్లీ ఆలోచించాలి. ప్రతి నోట్‌కూ ముందు తప్పు పేరు తట్టి, తర్వాత దాన్ని సరిచేసుకోవడం అలవాటైపోతుంది కూడా. నెమ్మది పాటల్లో ఇది బయటపడదు, వేగం పెంచగానే ఒక చోట ఆగిపోతారు. మొదటి రెండు మూడు రోజులకు పర్లేదు, ఆపైన దీన్ని వదిలేయమనే నా సలహా.

ఇక అసలు విషయం. రెండు స్టాఫ్‌లనూ విడివిడిగా కాక, మధ్యలో ఒక్క గీత దాచిన పదకొండు గీతల ఒకే నిచ్చెనలా చూడండి. ఆ దాచిన గీతే మిడిల్ సి. ట్రెబుల్ కింద మొదటి లెడ్జర్ లైన్ మీద ఉన్నా, బేస్ పైన మొదటి లెడ్జర్ లైన్ మీద ఉన్నా అది ఒకే కీ. అచ్చులో రెండు స్టాఫ్‌ల మధ్య ఖాళీ ఎక్కువ వదులుతారు కాబట్టి అవి రెండు వేరే నోట్లలా కనిపిస్తాయి, అంతే.

మిడిల్ సి దగ్గర అద్దం పెట్టినట్టు పైనా కిందా ఒకేలా ఉంటుంది. ట్రెబుల్‌లో కింది నుంచి మూడో ఖాళీ సి. బేస్‌లో పై నుంచి మూడో ఖాళీ, అంటే కింది నుంచి రెండోది, సి. ట్రెబుల్ పైన రెండో లెడ్జర్ లైన్ సి, బేస్ కింద రెండో లెడ్జర్ లైన్ కూడా సి. ఇలా మొత్తం ఐదు సి నోట్లు. కీబోర్డ్ మీద మిడిల్ సికి రెండు ఆక్టేవ్‌లు పైకి, రెండు ఆక్టేవ్‌లు కిందికి. ఈ ఐదింటినీ పేరుతో సరిపెట్టుకోకుండా, చూడగానే చెయ్యి ఆ చోటికి వెళ్లేదాకా సాధన చేయాలి. వీటికి తోడు రెండు క్లెఫ్ గుర్తులే చెప్పే నోట్లు. బేస్ క్లెఫ్ గుర్తులోని రెండు చుక్కల మధ్య పోయే గీత ఎఫ్, మిడిల్ సికి ఐదో కిందిది. ట్రెబుల్ గుర్తు చుట్టుకునే గీత జి, మిడిల్ సికి ఐదో పైది. ఇక్కడా అదే అద్దం.

లెడ్జర్ లైన్ల సంగతి ఇంకా హాయి. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చింది ఇదే. ట్రెబుల్ పైన మొదటి మూడు లెడ్జర్ లైన్లు వరుసగా ఎ, సి, ఇ. బేస్ కింద ఉన్న మూడింటిని కింది నుంచి పైకి చదివితే అవీ ఎ, సి, ఇ. రెండు స్టాఫ్‌ల మధ్య చూస్తే ట్రెబుల్ కింద రెండోది ఎ, మధ్యలో మిడిల్ సి, బేస్ పైన రెండోది ఇ. అంటే రోజూ ఎదురయ్యే లెడ్జర్ లైన్ల మీద కూర్చునే నోట్లు మూడే అక్షరాలు. గీతకు పైన ఆనుకున్నా, కింద వేలాడినా దాని పక్క నోట్. గీతలు ఒకటా, రెండా, మూడా అన్నది చూడగానే తెలిస్తే చాలు, లెక్కపెట్టక్కర్లేదు. మధ్య భాగంలో మూడో లెడ్జర్ లైన్ వస్తే మాత్రం ఈ సూత్రం చెల్లదు. ట్రెబుల్ కింద మూడోది ఎఫ్, బేస్ పైన మూడోది జి. అదృష్టవశాత్తూ అవి పైన చెప్పిన క్లెఫ్ గీతల నోట్లే, అవే కీలు.

మిగతా నోట్లకు గుర్తు నోట్ నుంచి ఇంటర్వల్ చూడాలి. గీత నుంచి గీతకు, లేదా ఖాళీ నుంచి ఖాళీకి వెళ్తే మూడు, ఐదు, ఏడు. గీత నుంచి ఖాళీకి వెళ్తే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. ట్రెబుల్ చదివేవాళ్ల కంటికి ఇది ఎప్పుడో అలవాటైనదే, కొత్తగా నేర్చుకునే పనిలేదు.

ఇదంతా పరీక్షించుకోవడానికి నేను పదే పదే వాడిన ముక్క బాఖ్ 1722 నాటి వెల్ టెంపర్డ్ క్లేవియర్ మొదటి భాగంలోని సి మేజర్ ప్రిల్యూడ్. 35 బార్లు. చివరి మూడు బార్లు తప్ప, ప్రతి బార్‌లో ఎడమ చేతికి రెండే నోట్లు, అదే నమూనా రెండుసార్లు. కుడి చేతిని పక్కన పెట్టి, ఆ రెండు నోట్లనూ కలిపి ఒకేసారి నొక్కుతూ, బార్‌కు ఒక్కసారి చొప్పున వెళ్లండి. మెట్రోనోమ్ 60లో పెట్టి, బార్‌కు రెండు బీట్లు ఇస్తే చాలు. చూపు పేజీ మీదే ఉండాలి, చేతుల మీద కాదు.

మొదటి బార్‌లో మిడిల్ సి, దాని పైన ఇ. రెండూ బేస్ పైన లెడ్జర్ లైన్ల మీదే కూర్చుంటాయి, కాబట్టి మూడో ఇంటర్వల్. రెండో బార్‌లో సి అలాగే ఉండి పైది గీత వదిలి కిందికి జారింది, అంటే డి. పదో బార్‌లో మొదటి పెద్ద మార్పు వస్తుంది. నడిమి గీత మీద డి, పై గీత మీద ఎ. గీత నుంచి గీతకు, మధ్యలో ఒక గీత వదిలి, కాబట్టి ఐదు. 19వ బార్‌లో రెండో ఖాళీలో సి, మన రెండో గుర్తు. 21వ బార్‌లో స్టాఫ్‌ను కింది నుంచి ఆనుకుని ఎఫ్, చుక్కల గీత మీద ఇంకో ఎఫ్, ఆక్టేవ్. 24 నుంచి 31 దాకా కింది నోట్ కదలదు, అడుగు గీత జి. పైది మాత్రమే మారుతుంది. 32 నుంచి చివరి దాకా కింద రెండో లెడ్జర్ లైన్ మీద సి. రెండు లెడ్జర్ లైన్ల పైనుంచి రెండు లెడ్జర్ లైన్ల కిందిదాకా, బేస్ క్లెఫ్ మొత్తం ఒక్క ముక్కలో దిగొచ్చేస్తుంది. కొన్ని పాత ఎడిషన్లలో 22, 23 బార్ల మధ్య ఒక బార్ అదనంగా ఉంటుంది. మీ పుస్తకంలో లెక్క తేడా వస్తే కారణం అదే.

కుడి చేతిలోనూ ఒక మంచి పరీక్ష ఉంది. 25వ బార్‌లో ట్రెబుల్ కింద రెండో లెడ్జర్ లైన్‌కు కింద వేలాడే జి వస్తుంది. 11వ బార్‌లో ఎడమ చేతి కింది నోట్ బేస్ పై ఖాళీలోని జి. రెండూ ఒకే కీ. రెండు పేజీలూ తిప్పి తిప్పి ఆ రెండు నోట్లనూ వెంటవెంటనే వాయిస్తే, ఒకే నోట్‌కు రెండు రూపాలుంటాయన్నది చేతికి తెలిసిపోతుంది.

ఎక్కడ పొరపాటు పడుతున్నారో తప్పు దూరం చూసి పట్టుకోవచ్చు. వాయించిన పేరు రాసినదానికి రెండక్షరాలు వెనక ఉంటే, అంటే జి ఉన్నచోట ఇ, సి ఉన్నచోట ఎ వస్తే, కన్ను ఇంకా ట్రెబుల్‌లోనే చదువుతోంది. అదే తేడా లెడ్జర్ లైన్ల దగ్గరే వస్తే ఒక గీత ఎక్కువో తక్కువో లెక్కపెట్టారు. పక్క కీ తగిలితే గీత మీద ఉన్నదాన్ని వేలాడేదిగా చూశారు. పేరు సరై ఆక్టేవ్ తప్పితే గుర్తు సి ఇంకా చేతికి అంటలేదు. ఎడమ చేతి లైన్ మధ్యలో చిన్న ట్రెబుల్ గుర్తు పెట్టి క్లెఫ్ మార్చే చోట్లు కూడా ఉంటాయి, అక్కడ కన్ను దాటేస్తే ఆ భాగమంతా ఒకేలా పక్కకు జరిగిపోతుంది.

ఫోన్ యాప్‌ల గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఒక్కో నోట్ చూపించి పేరు నొక్కమనేవి ఐదు సి నోట్లు, ఎఫ్, జి పట్టుపడేదాకా పనికొస్తాయి. ఆ తర్వాత స్కోర్ పెరుగుతుంది, వాయించడం పెరగదు. అక్కడ మీరు నొక్కేది అక్షరం, కీ కాదు. ఇంటర్వల్ చదివే అవకాశమే ఉండదు. కీబోర్డ్‌ను తీగతో కలిపి, నిజంగా ఆ కీ నొక్కితేనే ఒప్పుకునేవి అయితే కొంచెం మేలు.

ఈ పద్ధతి లోపాలూ తక్కువేం కాదు. మొదటి వారాల్లో ట్రెబుల్ నుంచి అక్షరాలు జరిపేవాళ్లకంటే మీరు వెనకే ఉంటారు, అది కాస్త కష్టంగానే ఉంటుంది. షార్ప్‌లు, ఫ్లాట్‌లు ఎక్కువున్న చోట ఇది చోటు చెబుతుందే తప్ప నల్ల కీ గుర్తుచేయదు. ప్రిల్యూడ్‌లోనే 22, 23 బార్లలో ఎఫ్ షార్ప్, ఎ ఫ్లాట్ వస్తాయి, చోటు సరిగ్గా పట్టి తెల్ల కీ నొక్కడం అక్కడ మామూలే. నాలుగైదు లెడ్జర్ లైన్లు వేసిన నోట్లకు మళ్లీ లెక్క తప్పదు.

పెద్ద ఇబ్బంది మాత్రం ఆ ముక్కే. అందరికీ చెవికి తెలిసిన సంగీతం కాబట్టి కొద్ది రోజులకే చేతులు చదవడం మానేసి జ్ఞాపకంతో వాయిస్తాయి. అప్పుడు చివరి బార్ నుంచి వెనక్కి, ఒక్కో బార్ చొప్పున వాయించండి. 35, 34, 33 అలా. వరుస పోగానే చెవి సాయం చేయలేదు, మళ్లీ కన్నే చదవాలి. అదీ కంఠతా వచ్చేశాక ఆ ముక్కను పక్కన పెట్టి, ఎప్పుడూ వినని తేలిక ముక్కల ఎడమ చేతి లైన్లు రోజుకొకటి తీసుకోండి. ఒక్కసారే వాయించి పేజీ తిప్పేయాలి. రెండోసారి వాయించేది చదవడం కాదు.