కుటుంబ ఫొటో కోసం ‘ఫ్యామిలీ కాంబో’ బట్టలు కొంటున్నారా? షాపు దీపాల కింద చూసి డబ్బు కట్టకండి

విజయనగరంలో ఒక పెద్ద బట్టల షాపులో ఈ మధ్య మేము పోగొట్టుకున్నది ముప్పై ఎనిమిది వేలు. షాపు పేరు రాయడం లేదు, ఇలాంటి కాంబోలు ఇప్పుడు చాలా చోట్ల అమ్ముతున్నారు.

మా మామయ్యగారికి ఎనభై నిండాయి. సిరిమాను పండగకు అందరూ ఊరికి వస్తారు కదా, ఆ మర్నాడు బుధవారం పొద్దున్న నెల్లిమర్ల దగ్గర మా తోటలో పెద్ద ఫొటో తీయించుకుందామనుకున్నాం. మొత్తం పంతొమ్మిది మందిమి. అందరికీ ఒకే రంగు వద్దని నేను ముందే చెప్పాను. పంతొమ్మిది మంది ఒకే రంగు తొడుక్కుంటే బ్యాండు మేళం వాళ్లలా ఉంటామని నా భయం. షాపువాళ్లు వెంటనే ‘ఒకేలా ఉండవు, కానీ కలుస్తాయి’ అంటూ నాలుగు రంగుల కాంబో చూపించారు. బచ్చలిపండు రంగు, ఉల్లిపాయ రంగు, గంధం రంగు, తెలుపు. ఆడవాళ్లకు ఆర్ట్ సిల్కు చీరలు, మగవాళ్లకు పాలిస్టర్ కుర్తాలు, పిల్లలకు నూలు గౌన్లు, చొక్కాలు. బల్ల మీద అన్నీ పరిచి, పైన దీపాలన్నీ వేసి చూపిస్తే నిజంగానే ఒక పూలబుట్టలా ఉంది.

తోటలో అందరం నిలబడ్డాక తెలిసింది. నా చీర బచ్చలిపండు రంగు, పక్కనే మావారి కుర్తా కూడా బచ్చలిపండు రంగే. షాపులో ఆ రెండూ ఒకే తానులో చింపినట్టున్నాయి. పొద్దుటి వెలుగులో నా చీర వంగపండు వైపు పోయింది, ఆయన కుర్తా ఇటుక వైపు పోయింది. ఒక్కో రకం దారం ఒక్కో రకం రంగు మందు పట్టుకుంటుంది. పాలిస్టర్‌కు వేసే మందు వేరు, నూలుకు వేసేది వేరు, పట్టుకు వేసేది వేరు. అందువల్ల ఒక దీపం కింద అచ్చంగా కలిసిన రెండు గుడ్డలు ఇంకో వెలుగులో విడిపోవచ్చు. ఈ సంగతి బట్టల వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలియనిది కాదు, అందుకే నాకు కోపం.

ఇక్కడే నాకు అర్థమైన అసలు విషయం ఉంది. రంగులు పూర్తిగా కలిస్తే అదొక అందం, స్పష్టంగా వేరుగా ఉంటే అదొక అందం. దగ్గరగా వచ్చి కలవకుండా ఆగిపోయిన రంగులే చెడ్డవి. ముదురాకుపచ్చ చీర పక్కన గంధం రంగు కుర్తా ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. బచ్చలిపండు పక్కన ‘దాదాపు బచ్చలిపండు’ ఉంటే మాత్రం, ఒకటి కొత్తది, ఇంకొకటి ఉతికి ఉతికి వెలిసింది అన్నట్టుంటుంది.

తెల్ల చొక్కాల సంగతి ఇంకా బాధ. మామయ్యగారు ఏ వేడుకకైనా పొందూరు ఖద్దరు పంచే కడతారు. దాని తెలుపులో పాలమీగడ ఛాయ ఉంటుంది, అదే దాని అందం. షాపువాళ్లు మా ముగ్గురు మగపిల్లలకు ఇచ్చిన చొక్కాలు మిల్లులో మెరుపు మందు పట్టించినవి. ఆ మందు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతుంది, అందుకే బయట అవి దీపం పెట్టినట్టు మెరిశాయి. ఫొటోలో చూపు ముందు ఆ మూడు చొక్కాల మీదికే పోతోంది. మధ్యలో కూర్చున్న పెద్దాయన పంచె మాసినట్టు కనబడింది. ఎవరి వేడుకో ఆయన బట్టలే మాసినట్టున్న ఫొటో గోడకు ఎలా తగిలిస్తాం?

మా చిన్న తోటికోడలు ఏడు నెలల పాపను ఎత్తుకుని ఎండ పడే అంచున నిలబడింది. చీర మీద పడిన ఎండ తిరిగి పాప గడ్డం మీద, బుగ్గ మీద పడి, పాపకు రంగునీళ్లు చల్లినట్టు ఊదా మచ్చ వచ్చింది. ఎండ పడితే నిండు రంగులు పక్కవాళ్ల ముఖం మీద ఇలా తమ రంగు వేస్తాయి. ఫొటో తీసిన అబ్బాయి ఒక్కో ముఖం సరిచేయడానికి వేరే డబ్బు అడిగాడు. అందులో అతని తప్పు లేదు.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచుకు చీరల ఫొటో ఒకటి, కుర్తాల ఫొటో ఒకటి విడివిడిగా పంపాను. ‘బాగా కలిశాయి వదినా’ అంది. ఫోను ప్రతి ఫొటోకూ తనంతట తానే రంగులను సర్దుతుంది, కాబట్టి విడివిడి ఫొటోల్లోని రెండు గుడ్డలను పోల్చి లాభం లేదు. రెండు గుడ్డలనూ పక్కపక్కన పెట్టి, షాపు గుమ్మం దాటి, ఎండ నేరుగా పడని నీడలో ఒకే ఫొటో తీయాలి. గుమ్మం దాటనివ్వకపోతే ఆ షాపులో కొనకండి. మమ్మల్ని దాటనివ్వలేదు, ‘బిల్లు కాకుండా సరుకు బయటికి పోదు’ అన్నారు. అప్పుడే లేచి రావాల్సింది.

ఆ ఫొటోనే ఫోనులో నలుపు తెలుపుగా మార్చి చూడండి. మా కాంబోలో ఉల్లిపాయ రంగు, గంధం రంగు రెండూ ఒకే బూడిద రంగుగా మారాయి. అందుకే ముందు వరుసలో పిల్లలు, వెనక కుర్చీల్లో వాళ్ల తల్లులు ఒకే ముద్దలా కలిసిపోయారు. ఈ పరీక్ష నేను బుధవారం సాయంత్రం చేశాను, డబ్బు కట్టిన పదకొండు రోజులకు.

గురువారం పొద్దున్న మళ్లీ తీయించుకున్నాం, ఈసారి ఇంట్లో ఉన్న బట్టలతోనే. మొదట మామయ్యగారి పంచె, అత్తయ్యగారి చీర అరుగు మీద పెట్టాం. చీర ఆవపిండి రంగు, అంచు ముదురాకుపచ్చ. మిగిలినవాళ్ల రంగులన్నీ ఆ రెంటి నుంచే తీసుకున్నాం. ముదురాకుపచ్చ, గంధం, వీటికి తోడు కొద్దిగా ఇటుక రంగు. మిల్లు తెలుపు ఒక్కటి కూడా వద్దన్నాం. పెద్ద బావగారి ఇంట్లో ముగ్గురు ఆకుపచ్చలో వచ్చారు. ముగ్గురూ ఒకే చోట నిలబడితే ఆ మూల బరువెక్కింది, అందుకని ఒకరిని ఇటు చివరికి, ఒకరిని కుర్చీల వెనక్కి పంపాం. ఇటుక రంగు నలుగురికే ఇచ్చి, ఆ నలుగురినీ నాలుగు వైపులా చెదరగొట్టాం. పాపను ఎత్తుకునే మనిషికి గంధం రంగు. అంచులూ, జరీ ఎవరి ఇష్టం వారిది. చిన్న చిన్న గళ్ల చొక్కా తెచ్చిన మా మరిదికి మాత్రం మార్చుకోమని చెప్పాం, సన్న గళ్లు తెర మీద చూస్తే నీటి అలల్లా కదులుతాయి.

షాపుకు తిరిగి వెళ్తే ‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అన్న బిల్లు చివరి వరుస చూపించారు. పైగా జాకెట్లు కుట్టించేశాం కదా అన్నారు. కత్తెర పడని రెండు చీరలకు మాత్రం చీటీ రాసిచ్చారు, మూడు నెలల్లో అక్కడే ఏదైనా కొనుక్కోవాలట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వాళ్లు మొదట అడిగింది బిల్లు, ఆ తర్వాత అడిగింది రంగుల గురించి షాపువాళ్లు ఏం చెప్పారో రాతలో ఉందా అని. నా దగ్గర బిల్లు ఉంది, రాత లేదు. మీరు కొనేటప్పుడు ‘పగటి వెలుగులో కలవకపోతే మారుస్తాం’ అన్న ఒక్క వాక్యం బిల్లు మీదే రాయించుకోండి, రాయకపోతే అడ్వాన్సు కట్టకండి.