ఔట్ ఆఫ్ ఆఫీస్ ఆటో రిప్లై: ఏళ్ల తరబడి వాడాక తేలిన మంచిచెడ్డలు

ఔట్‌లుక్‌లో Automatic Replies, జీమెయిల్‌లో Vacation responder. రెండూ చాలాకాలంగా వాడుతున్నాను. మెయిల్ పంపడంలో రెండింటికీ వంక పెట్టక్కర్లేదు, చెప్పిన రోజున మొదలై చెప్పిన రోజున ఆగిపోతాయి. చిక్కంతా మనం నింపే మూడు విషయాల దగ్గరే వస్తుంది: ఎప్పుడు తిరిగొస్తాం, ఈలోపు ఆగలేని పని ఎవరు చూస్తారు, మీటింగులు ఎప్పటి నుంచి పెట్టుకోవచ్చు. ఈ మూడింటిలో మొదటిది అందరూ రాస్తారు, రెండోది సగం రాస్తారు, మూడోది దాదాపు ఎవరూ రాయరు. సెలవు నుంచి వచ్చిన మొదటి రోజు ఎలా గడుస్తుందో తేల్చేది మాత్రం ఆ మూడోదే.

ముందుగా తెలుసుకోవాల్సింది, ఈ జవాబు ఒక్కొక్కరికి ఎన్నిసార్లు వెళ్తుందన్నది. ఔట్‌లుక్ వెనక కంపెనీ మెయిళ్లను నడిపే ఎక్స్ఛేంజ్ సర్వర్ ఉంటే, ఒక మనిషి ఎన్ని మెయిళ్లు పంపినా ఆటో రిప్లై ఒక్కసారే వెళ్తుంది. దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఆ లెక్క మొదటికొస్తుంది. జీమెయిల్ కూడా మామూలుగా మొదటి మెయిల్‌కే జవాబిస్తుంది, కాకపోతే అదే మనిషి నాలుగు రోజుల తర్వాత మళ్లీ రాస్తే ఇంకోసారి పంపుతుంది. కాబట్టి అవతలివాళ్లు మన మాట చదివేది ఒక్కసారే అనుకుని రాయాలి. వాళ్లు సోమవారం ఏదో చిన్న విషయానికి రాసి జవాబు చూసి వదిలేస్తారు. గురువారం నిజంగా అవసరం పడితే రెండో జవాబు రాదు. అప్పుడు వాళ్లకు గుర్తుండేది మొదటి రెండు వాక్యాలే. అందుకే తేదీ, ఎవరిని అడగాలన్నది పైనే ఉండాలి. కృతజ్ఞతలు, క్షమాపణలు పైన పెట్టి అసలు సంగతి కిందకు నెడితే ఫోన్ తెరపై అది కనిపించనే కనిపించదు. ఔట్‌లుక్‌లో సహోద్యోగులు మనకు మెయిల్ రాస్తుండగానే పైన ఒక చిన్న పట్టీలో మన జవాబు మొదటి భాగం కనిపిస్తుంది. ఈ టూల్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. తేదీ ముందుంటే చాలామంది మెయిల్ పంపకుండానే ఆగిపోతారు.

ఇక తేదీల సంగతి. ఒక ఉదాహరణ తీసుకుందాం. సెలవు జూన్ 8 సోమవారం నుంచి జూన్ 19 శుక్రవారం దాకా. తిరిగి పనిలోకి వచ్చేది జూన్ 22 సోమవారం. జీమెయిల్‌లో First day, Last day అని రెండు గడులు ఉంటాయి. First day అర్ధరాత్రి 12కు మొదలవుతుంది, Last day రాత్రి 11:59కి ముగుస్తుంది. సెలవు పత్రంలో ఉన్నట్టే 8, 19 అని నింపేస్తే మూడుచోట్ల తేడా పడుతుంది. 5వ తేదీ శుక్రవారం సాయంత్రం తర్వాత, 6, 7 తేదీల్లో రాసినవాళ్లకు జవాబు వెళ్లదు. 20, 21 తేదీల్లో రాసినవాళ్లకూ వెళ్లదు. పైగా అంతకుముందు మన జవాబు అందినవాళ్లు ఈసారి రాకపోయేసరికి వచ్చేశారనుకుంటారు. ఇక్కడ First day జూన్ 6, Last day జూన్ 21 అని పెట్టాలి. Last day గడి పక్కన టిక్ పెట్టాలన్నది మరిచిపోతే మనం ఆపేదాకా అది నడుస్తూనే ఉంటుంది. ఔట్‌లుక్‌లో తేదీతోపాటు గంట కూడా ఇవ్వొచ్చు, అది దాని మెరుగు. శుక్రవారం పని ముగిసే గంట నుంచి సోమవారం పని మొదలయ్యే గంట దాకా పెడితే ఖాళీ ఎక్కడా మిగలదు.

తేదీని 08/06 అని అంకెల్లో రాయకండి. చదివేవాళ్లలో కొందరికి అది ఆగస్టు 6. నెల పేరు, వారం పేరు రెండూ రాస్తే ఆ తికమక ఉండదు, మనం తప్పు తేదీ వేసినా వారం కలవక మనకే తెలిసిపోతుంది. అలాగే ‘22 వరకు సెలవు’ అనకండి. 22న ఉన్నట్టా, లేనట్టా? ‘22 సోమవారం పనిలోకి వస్తాను’ అంటే ఎవరికీ సందేహం రాదు.

రెండో విషయం, పని ఎవరు చూస్తారన్నది. ‘అత్యవసరమైతే నా సహోద్యోగిని సంప్రదించండి’ అన్న వాక్యం ఎన్నో జవాబుల్లో చూస్తుంటాం. దానివల్ల ఏ పనీ జరగదు. ఏ పనికి ఎవరు, ఏ అడ్రస్‌కు రాయాలి, ఏది అత్యవసరం కింద లెక్క అన్నది ఉండాలి. అత్యవసరం అన్న మాటకు ఎవరి కొలత వాళ్లది. ‘జూన్ 22 దాకా ఆగలేనివి’ అని రాస్తే చదివినవాళ్లే తేల్చుకుంటారు, సగానికి సగం ఆగుతారు. ఒక మనిషి పేరు కంటే టీమ్ అందరూ చూసే ఉమ్మడి మెయిల్‌బాక్స్ అడ్రస్ ఇవ్వడం మేలు. పేరు ఇచ్చినప్పుడు తరచూ జరిగేదేమిటంటే, ఆ మనిషి కూడా మధ్యలో రెండు రోజులు సెలవు పెడతారు. వాళ్ల ఆటో రిప్లై మళ్లీ మన పేరే చెబుతుంది. పంపినవాళ్లు రెండు గోడల మధ్య ఇరుక్కుంటారు. పేరు ఇవ్వక తప్పకపోతే వాళ్ల సెలవులు అడిగి తెలుసుకోవాలి, జవాబులో ఏం రాశామో వాళ్లకు చూపించాలి. ఏ ఫైళ్లు అవసరమో వాటికి వాళ్లకు అనుమతి ఉందా, ఏ విషయం దాకా వాళ్లే నిర్ణయం తీసుకోవచ్చు అన్నది కూడా ముందే తేలాలి. లేకపోతే వాళ్లు ‘వచ్చాక అడుగుతాను’ అంటారు, అంటే పని చూసేవాళ్లు లేనట్టే.

మూడోది మీటింగులు. తిరిగొచ్చే తేదీ, మీటింగులకు దొరికే తేదీ ఒకటి కాదు. రెండు వారాల మెయిళ్లు చదివి, ఈలోపు ఏం మారిందో తెలుసుకోకుండా మీటింగులో కూర్చుంటే అక్కడ చెప్పగలిగేది ఏమీ ఉండదు. పది పనిదినాల సెలవుకు రెండు రోజులు పట్టడం మామూలే. పై ఉదాహరణలో మీటింగులు జూన్ 24 బుధవారం నుంచి. ఇది జవాబులో రాస్తే సరిపోదు, క్యాలెండర్‌లోనూ ఉండాలి, ఎందుకంటే మీటింగు పెట్టేవాళ్లు మన మెయిల్ చదవరు, క్యాలెండర్‌లో ఖాళీ చూసుకుని ఇన్విటేషన్ పంపేస్తారు. సోమవారం ఉదయం ఖాళీగా కనిపిస్తే అందరి కళ్లూ అక్కడే పడతాయి.

గూగుల్ క్యాలెండర్‌లో ఆఫీసు, స్కూలు అకౌంట్లకు Out of office అనే ఈవెంట్ ఉంది. అందులో కొత్త ఇన్విటేషన్లను మాత్రమే తిప్పికొట్టాలా, ముందే ఒప్పుకున్న మీటింగులనూ తిప్పికొట్టాలా అని ఎంచుకోవచ్చు. దాన్ని జూన్ 8 నుంచి 23 దాకా పెడితే సరిపోతుంది. ఇది Vacation responderకు వేరుగా ఉంటుంది, ఒకటి పెడితే రెండోది దానంతటదే రాదు. ఈ రెండింటినీ కలపకపోవడం లోపమనే అంటాను. అయితే దానివల్లే మెయిల్‌కు ఒక ముగింపు తేదీ, మీటింగులకు ఇంకో తేదీ పెట్టుకునే వీలు దొరుకుతుంది.

ఔట్‌లుక్ వెబ్‌లో ఇది తలకిందులు. ఆటో రిప్లై సెట్టింగ్‌లోనే క్యాలెండర్‌ను బ్లాక్ చేయమనీ, కొత్త ఇన్విటేషన్లను తిప్పికొట్టమనీ టిక్ పెట్టవచ్చు. కానీ అవి ఆటో రిప్లై నడిచే కాలానికే వర్తిస్తాయి. 22 ఉదయం జవాబు ఆగగానే ఆ రక్షణా పోతుంది. 22, 23 తేదీలకు విడిగా ఒక అపాయింట్‌మెంట్ పెట్టి, దాని Show asను Busyగా ఉంచాలి. అది ఇన్విటేషన్‌ను తిప్పికొట్టదు, ఖాళీ లేదని మాత్రం చూపిస్తుంది. ఆటో రిప్లై సెట్టింగ్‌లో ఆ టిక్‌ల పక్కనే Decline and cancel my meetings during this period అనే టిక్ కూడా ఉంటుంది, దాన్ని చూసి పెట్టాలి. మనం ఏర్పాటు చేసిన మీటింగులు మనకే కాదు, అందరికీ రద్దయిపోతాయి. టీమ్ వారంవారం కలిసే మీటింగు మన పేరున ఉంటే, ఆ టిక్ పెట్టకుండా, సెలవుకు ముందే దాన్ని నడిపే బాధ్యత ఇంకొకరికి అప్పగించాలి.

ఇవన్నీ కలిపి రాస్తే జవాబు ఇంతే అవుతుంది:

‘జూన్ 22 సోమవారం పనిలోకి వస్తాను, అంతవరకు మెయిల్ చూడను. ఈలోపు ఆగలేని బిల్లుల విషయాలు బిల్లింగ్ టీమ్ మెయిల్‌కు, కొత్త ఆర్డర్ల విషయాలు సేల్స్ టీమ్ మెయిల్‌కు పంపగలరు (అడ్రస్‌లు కింద ఉన్నాయి). మీటింగులకు జూన్ 24 బుధవారం నుంచి అందుబాటులో ఉంటాను.’

మెయిల్ చూడనని రాస్తే చూడకూడదు. మధ్యలో ఒకరిద్దరికి జవాబిస్తే ఆ మాట మీద ఎవరికీ నమ్మకం ఉండదు, మిగతావాళ్లూ పని చూసేవాళ్లను వదిలి మనకే రాస్తారు.

ఔట్‌లుక్‌లో లోపలివాళ్లకు, బయటివాళ్లకు రెండు వేర్వేరు ట్యాబ్‌లు ఉంటాయి. Inside My Organizationలో బాగా రాసి రెండోదాన్ని ఖాళీగా వదిలేసేవాళ్లు చాలామంది. కస్టమర్లకు ఏమీ వెళ్లదు. రెండో ట్యాబ్‌లో My Contacts only ఎంచుకుంటే కాంటాక్ట్స్‌లో లేని కస్టమర్లకూ వెళ్లదు. బయటివాళ్ల జవాబులో ఉమ్మడి అడ్రస్‌లు, తేదీలు చాలు. ఎక్కడికి వెళ్తున్నామో, పని చూసేవాళ్ల సొంత ఫోన్ నంబరు, పదవి అక్కడ వద్దు. అవి తెలిసినవాళ్లు మన పేరు చెప్పి ఆ మనిషిని మోసగించడం తేలిక. పెట్టాక సొంత బయటి అకౌంట్ నుంచి ఒకటి, సహోద్యోగి చేత ఒకటి పంపించి చూడాలి. మరీ ముందుగా కాదు, జవాబు మొదలయ్యాకే తెలుస్తుంది.

సెలవు పెంచాల్సి వస్తే మాత్రం రెండు టూల్స్‌లోనూ జాగ్రత్త అవసరం. జీమెయిల్‌లో జవాబులోని మాటలు మారిస్తే లెక్క మొదటికొస్తుంది, పాత జవాబు అందినవాళ్లు మళ్లీ రాస్తే కొత్త తేదీ వెళ్తుంది. ఔట్‌లుక్‌లో ఒకసారి ఆఫ్ చేసి, తేదీ మార్చి, ఆన్ చేయడం మేలు. రెండింట్లోనూ మళ్లీ రాయనివాళ్లకు పాత తేదీయే మిగులుతుంది. ఔట్‌లుక్ పంపిన ఆటో రిప్లైలు Sent Itemsలో కనిపించవు, కాబట్టి ఇన్‌బాక్స్‌లో సెలవు మొదలైనప్పటి నుంచి రాసినవాళ్లను చూసి, ముఖ్యమైనవాళ్లకు కొత్త తేదీ విడిగా చెప్పాల్సిందే. పని చూసేవాళ్లకూ, క్యాలెండర్‌లో ఉన్న బ్లాక్‌కూ అదే మార్పు చేయాలి.