పుష్ లాచా, మాగ్నెట్ క్యాచా: హ్యాండిల్ లేని వంటింటి షట్టర్లతో నాలుగేళ్లు

తిరుపతిలోని మా వంటింట్లో ఒక్క షట్టరుకూ హ్యాండిల్ లేదు. గ్రానైట్ కింద ఉన్న అరలకూ, నిలువెత్తు సరుకుల అల్మారాకూ నొక్కితే తెరుచుకునే పుష్ లాచ్‌లు బిగించారు. సింకు కిందా, పొయ్యి పక్కన ఉన్న నూనె సీసాల అరకూ మాగ్నెట్ క్యాచ్‌లు పెట్టి, వేళ్లు పట్టేలా పై అంచున అల్యూమినియం గాడి వేశారు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే వేడిలో, ఒకే తాలింపు పొగలో నాలుగేళ్లకు పైగా నలిగాయి కాబట్టి పోల్చి చెప్పే వీలుంది. ఏది మంచిదో చెప్పే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఈ రెండింటికీ షట్టరుకూ పెట్టెకూ మధ్య ఉండవలసిన సందు ఒకటి కాదు. ఒకదానికి కావలసినది రెండోదానికి పనికిరాదు. నేను చూసిన ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇక్కడే పుట్టాయి.

పుష్ లాచ్ బాల్‌పెన్ను మీట లాగా పనిచేస్తుంది. లోపల స్ప్రింగు, దాని ముందు ఒక కడ్డీ ఉంటాయి. షట్టరును నొక్కితే కడ్డీ కొంచెం లోపలికి వెళ్లి, పట్టు వదిలి, షట్టరును బయటికి తోస్తుంది. మళ్లీ మూసి నొక్కితే కడ్డీ లోపల చిక్కుకుంటుంది. అంటే మూసి ఉన్న షట్టరుకు ఇంకా లోపలికి వెళ్లేందుకు చోటు మిగిలి ఉండాలి. ఆ చోటు రెండు నుంచి మూడు మిల్లీమీటర్లు. షట్టరు పెట్టె అంచుకు ఆనుకుని కూర్చుంటే ఎంత నొక్కినా టిక్కుమనదు.

మాగ్నెట్ క్యాచ్ సంగతి పూర్తిగా వేరు. దాని పట్టంతా తాకిడిలోనే ఉంది. షట్టరుకు బిగించిన ఇనుప రేకు అయస్కాంతాన్ని తాకితే గట్టిగా పట్టుకుంటుంది. మధ్యలో కొంచెం గాలి చేరినా పట్టు బాగా పడిపోతుంది. ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతం కింద రెండు పాత ఏటీఎం కార్డులు పెట్టి చూడండి, ఎంత బలహీనపడుతుందో చేతికే తెలుస్తుంది. అందుకే పుష్ లాచ్ విసుగెత్తి, దాన్ని పీకేసి అదే చోట మాగ్నెట్ బిగించినవాళ్లకు షట్టరు నిలవదు. లాచ్ కోసం వదిలిన సందు అలాగే ఉంటుంది, రేకు అయస్కాంతం దాకా చేరదు. కీళ్ల దగ్గర సందు తగ్గించకుండా ఈ మార్పిడి కుదరదు.

ఏటీఎం కార్డు మాట వచ్చింది కాబట్టి చెబుతాను, సందు కొలవడానికి అంతకంటే మంచి సాధనం ఇంట్లో దొరకదు. ఆ కార్డుల మందం అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 0.76 మి.మీ. మూడు కలిపితే సుమారు 2.3 మి.మీ., అంటే పుష్ లాచ్‌కు కావలసిన సందు. నాలుగు కలిపితే మూడు మి.మీ. పైచిలుకు, అంటే పక్కపక్క షట్టర్ల మధ్య ఉండవలసిన ఖాళీ. ఇంతకంటే తక్కువ వదిలితే జంట షట్టర్లలో ఒకటి నొక్కగానే రెండోది కూడా రాసుకుంటూ కదులుతుంది. కాలం తీరిన కార్డులు నాలుగు దాచి పెట్టుకుంటే చాలు.

సరిచేసే పద్ధతి ఇది. మామూలు ఆటో కీలు తెరిచి చూస్తే దాని పొడుగు చేతి మీద రెండు స్క్రూలు కనిపిస్తాయి. షట్టరుకు దగ్గరగా ఉన్నది దాన్ని కుడి ఎడమలకు జరుపుతుంది. వెనక, పెట్టె లోపలి వైపు ఉన్నది ముందుకు వెనక్కు జరుపుతుంది. మనకు కావలసినది వెనకది. పైకీలుకూ కిందకీలుకూ ఆ స్క్రూ కొంచెం వదులు చేసి, కీళ్ల వైపు అంచున మూడు కార్డులు దూర్చి షట్టరు మూసి, అవి రాసుకుంటూ కదిలేలా ఉన్నప్పుడు బిగించాలి. కొన్ని కీళ్లలో వదులు చేసే పని లేదు, స్క్రూ తిప్పుతుంటేనే షట్టరు జరుగుతుంది. ఆ తర్వాతే లాచ్ జోలికి వెళ్లాలి. చాలా లాచ్‌లలో కడ్డీ కొనను తిప్పితే అది బయటికో లోపలికో జరుగుతుంది. రెండో అంచున కూడా అవే మూడు కార్డులు పట్టేలా కొనను తిప్పాలి. ముందు కొన తిప్పి, తర్వాత కీలు సరిచేస్తే పని రెండింతలవుతుంది.

ఒకే వరుసలో ఉన్న షట్టర్లన్నిటికీ ఈ సందు ఒకటిగానే ఉండాలి. పక్కన సాఫ్ట్ క్లోజ్ సొరుగులుంటే వాటి ముఖాలు మామూలుగా ఇంకొంచెం లోపలికి కూర్చుంటాయి. అప్పుడు పుష్ షట్టర్లు మెట్టులా ముందుకు పొడుచుకు వచ్చి, సాయంత్రపు వెలుగు పక్క నుంచి పడినప్పుడు నీడ గీతలు కనిపిస్తాయి. దానికి సొరుగుల ముఖాలను ముందుకు జరపడమే మందు.

ఇక అసలు తలనొప్పి తెచ్చిన షట్టరు గురించి. సరుకుల అల్మారా పక్కన, కిందివరుసలో 450 మి.మీ. వెడల్పు, 700 ఎత్తు ఉన్నది ఒకటి. లాచ్ పై మూలలో, కీళ్లకు ఎదురు వైపు ఉంది. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు ముసురుపట్టాక అది మొరాయించడం మొదలుపెట్టింది. నొక్కితే లోపలికి వెళుతుంది, టిక్కుమనదు. కార్పెంటర్ వచ్చి చూసి, "లాచ్ స్ప్రింగు పోయిందమ్మా, కొత్తది వేస్తాను" అన్నాడు. లాచ్ దగ్గర కార్డులు పెట్టి చూస్తే మూడూ పట్టాయి, అక్కడ సందు సరిగ్గానే ఉంది. అప్పుడు ఒక్క కార్డు తీసుకుని షట్టరు చుట్టూ నాలుగు అంచుల వెంబడీ జరుపుకుంటూ వచ్చాం. లాచ్ వైపు కింది మూలలో అది దూరలేదు. షట్టరు తేమకు మెలితిరిగి, ఆ మూల పెట్టెను తాకుతోంది. పైన నొక్కితే ఆ మూల అడ్డుపడి కడ్డీ పూర్తిగా లోపలికి వెళ్లడం లేదు. లాచ్‌లో లోపమేమీ లేదు.

దానికి కిందకీలు వెనక స్క్రూ తిప్పి షట్టరు అడుగును సుమారు ఒకటిన్నర మి.మీ. బయటికి జరిపించాం. పైకీలు ముట్టుకోలేదు. పైకీలూ లాచ్ కొనా కదలకుండా ఉంటాయి కాబట్టి, కింది అంచు మొత్తం వాటి నుంచి ఊగినట్టు బయటికి వస్తుంది, తాకుతున్న మూల కూడా అంతే వస్తుంది. తర్వాత లాచ్ కొనను అర మి.మీ. బయటికి తిప్పితే కింది మూలలో రెండు మి.మీ. ఖాళీ దొరికింది, షట్టరు టిక్కుమంది. కీళ్ల వైపు అడుగున ఇప్పుడు సందు కొంచెం ఎక్కువగానే ఉంది. వంగి చూస్తే తప్ప కనబడదు. వేసవిలో చెక్క ఆరి మళ్లీ జరిగితే అదే స్క్రూ కొంచెం వెనక్కు తిప్పుతాను. మెలిక ఇంతకంటే ఎక్కువైతే కీళ్లతో సర్దలేం, షట్టరే మార్చాలి.

మరో రెండు రకాల మొరాయింపులున్నాయి. టిక్కుమని కొంచెం బయటికి వచ్చి, మళ్లీ వెనక్కు వెళ్లిపోయే షట్టరుకు కారణం కీలు. పుష్ లాచ్ షట్టరును బయటికి తోస్తుంటే, స్ప్రింగు ఉన్న కీలు దాన్ని లోపలికి లాగుతుంది. కొన మీద అయస్కాంతం ఉన్న లాచ్‌కు స్ప్రింగు లేని కీలు వేయాలి, మూసిన షట్టరును అయస్కాంతమే పట్టుకుంటుంది. రబ్బరు కొన ఉన్నదానికి స్ప్రింగు కీలు కావాలి, లేకపోతే షట్టరును పట్టేది ఏదీ ఉండదు. సాఫ్ట్ క్లోజ్ కీలుతో మాత్రం రెండింటిలో ఏదీ జత కట్టదు. "రెండూ కావాలండీ, నొక్కితే తెరుచుకోవాలి, మెల్లగా మూసుకోవాలి" అని మా వారు దుకాణంలో పట్టుబట్టారు. ఈ మామూలు లాచ్‌లతో అది జరిగే పని కాదు.

రెండోది, మూసినా నిలవకుండా ఒక వేలు మందం తెరుచుకుని ఉండే షట్టరు. అయస్కాంతపు కొన ఉన్న లాచ్‌లో ఇది తరచు రేకు వల్లే. షట్టరు లోపల జిగురుతో అతికించిన చిన్న రేకు, పొయ్యి దగ్గరి వేడికీ నూనె జిడ్డుకూ మెల్లగా జారుతుంది. మా ఊరి మే నెల ఎండలు దానికి తోడు. స్క్రూతో బిగించే రేకు అడిగి తీసుకోండి, పొయ్యికి దగ్గరి అరలకు ఇది తప్పనిసరి.

మాగ్నెట్ క్యాచ్ ఇన్నేళ్లలో పెద్దగా సతాయించలేదు. దాన్ని బిగించేటప్పుడు ఒకటే చూడాలి. షట్టరు మూలల్లో పల్చటి రబ్బరు బొడిపెలు అతికించి, అవి పెట్టెను తాకే క్షణానికే రేకు కూడా అయస్కాంతాన్ని తాకేలా క్యాచ్‌ను దాని పొడుగు రంధ్రాల్లో ముందుకో వెనక్కో జరపాలి. క్యాచ్ ముందుకు పొడుచుకు వస్తే ఆ మూల ఎప్పుడూ ఎత్తుగా నిలబడుతుంది. రేకు స్క్రూ మరీ బిగించకూడదు, కొంచెం ఊగితేనే అయస్కాంతం మీద సమంగా కూర్చుంటుంది. ఆ రబ్బరు బొడిపెలే పుష్ షట్టరుకు అతికిస్తే నొక్కే చోటును తినేస్తాయి. కొత్తగా వచ్చిన పనివాళ్లు చప్పుడు రాకుండా ఉంటుందని అలవాటుగా అతికించి వెళుతుంటారు, గమనించి పీకేయాలి.

వాడకంలో చూస్తే, రెండు చేతుల్లో గిన్నెలున్నప్పుడు మోచేత్తో తెరవడానికి పుష్ లాచ్ హాయి. అదే సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతుంటే నడుము తగిలి దానంతటదే తెరుచుకుంటుంది. సింకు కింద మాగ్నెట్ పెట్టమని మా అత్తయ్యగారు మొదటే చెప్పారు, ఆ మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. కొండకు వచ్చే చుట్టాలు మా ఇంట్లో దిగుతుంటారు. వాళ్లు పుష్ షట్టర్ల అంచుల్లో గోళ్లు పెట్టి లాగబోతారు, తెలియక. లాచ్‌కు దాని వల్ల నష్టమేమీ లేదు, కానీ అంచుపట్టీ ఒకచోట లేచిపోయింది. నిగనిగలాడే షట్టర్ల మీద వేలిముద్రలు కూడా నొక్కే చోటే గుమికూడతాయి. ఆ రెండు మి.మీ. సందులోంచి చిన్న బొద్దింకలు దూరడం ఇంకో బాధ. బియ్యం, పప్పులు మూతలున్న డబ్బాల్లోనే ఉంచుతున్నాం.

చిత్తూరులో మా చెల్లెలు ఇల్లు కట్టుకుంటూ ఏమి వేయించాలని అడిగింది. సింకు, పొయ్యి పక్కల అరలకు గాడీ మాగ్నెట్టూ, సరుకుల అల్మారాకూ గాజు సామాను అరకూ అయస్కాంతపు కొన లాచ్, స్ప్రింగు లేని కీళ్లు రాసిచ్చాను. పై అల్మారాలకు మాత్రం ఏ క్యాచూ వద్దన్నాను. షట్టరును పెట్టె అడుగు కంటే 20 మి.మీ. కిందికి దించితే వేళ్లు పడతాయి, సాఫ్ట్ క్లోజ్ కీలు ఒక్కటే దాన్ని మూసి ఉంచుతుంది.