నాలుగేళ్లుగా అందుకుంటున్న 360 ఫీడ్‌బ్యాక్ సమ్మరీ: మెత్తబరిస్తే పోయిన సగం వాక్యం

మాది బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఆఫీసు. నేనొక సాఫ్ట్‌వేర్ టీమ్‌కి మేనేజర్ని. ఏటా మార్చిలో నా పై అధికారి, తోటి మేనేజర్లు, నా టీమ్ వాళ్లు నా గురించి రాస్తారు, దీన్నే 360 ఫీడ్‌బ్యాక్ అంటారు. ఆ మాటల్ని హెచ్‌ఆర్‌లో ఒక మేడమ్ చదివి, రాసిందెవరో తెలియకుండా, మరీ గుచ్చుకోకుండా తిరగరాసి నాకిస్తారు. స్కేళ్లు, ఫారాలు అందరికీ తెలిసినవే. ఆ తిరగరాయడం గురించే చెబుతాను, ఎందుకంటే అది నాకు రెండేళ్లు నష్టం చేసింది.

రెండో ఏడాది సమ్మరీలో ఉన్న ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "ఒత్తిడి ఉన్న సమయాల్లో మాట తీరుపై ఇంకాస్త శ్రద్ధ పెడితే బాగుంటుంది." నేను గట్టిగా మాట్లాడతానేమో అనుకున్నాను. గొంతు తగ్గించాను, ఆరు శనివారాలు కంపెనీ పెట్టిన క్లాసుకి వెళ్లాను. మూడో ఏడాది దాదాపు అదే వాక్యం మళ్లీ వచ్చింది. ఆ రోజు నిజంగా బాధపడ్డాను.

ఆ వేసవిలో మా టీమ్‌లోని అనంతపురం అబ్బాయి ఉద్యోగం మారాడు. చివరి రోజు కింద టీ కొట్టు దగ్గర వాడే చెప్పాడు: "అన్నా, అది రాసింది నేనే. క్లయింట్ కాల్‌లో అందరి ముందర నా టెస్టింగ్ ఎందుకు కాలేదని అడిగినారు కదా. ఆ పొద్దు నుంచి ఏదన్నా లేటవుతుందని తెలిసినా ముందుగా చెప్పేది మానేసినా."

గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ రెండేళ్లలో మాకు రెండు రిలీజులు ఆలస్యమయ్యాయి. రెండుసార్లూ విషయం నాకు ఆఖరి వారంలోనే తెలిసింది.

వాడు రాసినదాంట్లో క్లయింట్ పేరు, తేదీ ఉన్నాయట. నన్ను "అహంకారి" అని కూడా రాశాడట. ఈ మూడూ తీసేయడం సరైనదే. పేరు, తేదీ చూస్తే రాసిందెవరో నాకు తెలిసిపోయేది. ఆ ముద్ర చూస్తే కోపం వచ్చి మిగతాది చదివేవాణ్ణి కాదు. కానీ వాటితోపాటు "ముందుగా చెప్పడం మానేశాను" అన్నది కూడా పోయింది. అది ఎవరినీ పట్టివ్వదు, టీమ్‌లో ఎవరైనా అనగల మాట. నేను చేసిన పని, దాని ఫలితం రెండూ పోయి, నాకు మిగిలింది ఒక సలహా.

అబ్బాయి ప్రస్తావన లేకుండా మేడమ్‌తో మాట్లాడాను. ఆవిడ సమర్థించుకోకుండా విన్నారు. నాలుగో ఏడాది పద్ధతి మార్చారు. వివరాన్ని పూర్తిగా కొట్టేయకుండా ఒక్క మెట్టు పైకి తీసుకెళ్తారు: క్లయింట్ కాల్ అని ఉంటే "బయటివాళ్లున్న మీటింగ్" అంటారు, తేదీ ఉంటే "రిలీజ్ రోజుల్లో" అంటారు. "కొందరు" అన్న మాట ఒకరికంటే ఎక్కువమంది రాస్తేనే వాడతారు. ఆ తర్వాత అసలు వ్యాఖ్యలు చూడని ఇంకో హెచ్‌ఆర్ సహోద్యోగికి ఆ సమ్మరీ ఇచ్చి, ఈ మేనేజర్ ఏం మార్చుకోవాలో ఒక్క వాక్యంలో చెప్పమంటారు. ఆ జవాబు అసలు వ్యాఖ్యలతో కలవకపోతే మళ్లీ రాస్తారు.

ఈసారి నాకొచ్చిన వాక్యం: "రిలీజ్ రోజుల్లో, బయటివాళ్లున్న మీటింగుల్లో, పని ఎందుకు కాలేదని టీమ్ సభ్యుల్ని అడుగుతారు. అందువల్ల కొందరు ఆలస్యాల్ని ముందుగా చెప్పడం లేదు." చదివితే గుచ్చుకోలేదు, కానీ ఏం చేయాలో తెలిసింది. ఇప్పుడు అలాంటి ప్రశ్నలు కాల్ అయ్యాక విడిగా అడుగుతున్నాను. జూన్‌లో టెస్ట్ సర్వర్ సిద్ధంగా ఉండదని ఒకమ్మాయి పదిరోజుల ముందే నా సీటు దగ్గరికొచ్చి చెప్పింది.

పేర్లు బయటపడవని మొదటి ఏడాది నేను చాలామందికి చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. అప్పుడు నా కింద ఇద్దరే. ఒక గుంపులో ముగ్గురి కంటే తక్కువ ఉంటే వాళ్లు స్కేలు మీద ఇచ్చిన పాయింట్ల సగటు చూపరు కాబట్టి ఆ ఇద్దరిదీ దాచారు. ఈమధ్య ఆ రిపోర్టు మళ్లీ తీశాను. ఏడుగురి మొత్తం సగటు 4, అంటే 28 పాయింట్లు. పై అధికారిది 4, నలుగురు తోటివాళ్ల సగటు 4.5, అంటే 18. తీసేస్తే మిగిలింది 6, అంటే ఆ ఇద్దరి సగటు 3. దాచిన అంకె కూడిక తీసివేతలతో బయటికొచ్చేసింది. మేడమ్‌కి చూపించాను. ఇప్పుడు అలాంటి చిన్న గుంపును తోటివాళ్లతో కలిపేసి ఒకే సగటు ఇస్తున్నారు.

నా టీమ్ ఇప్పుడు తొమ్మిది మంది, మేడమ్ ఒక్కో సమ్మరీ మీద గంటలు కూర్చుంటారు, అందుకే నాకిది పనికొస్తోంది. కింద ఇద్దరు ముగ్గురే ఉన్న మేనేజర్లకు ఇది ఇలాగే పనిచేస్తుందని చెప్పలేను. అంత చిన్న టీమ్‌లో వివరాన్ని ఒక మెట్టు పైకి తీసుకెళ్లినా మనిషి కనబడతాడు.